ఎఫ్‌డీ తాకట్టుతో తొలి క్రెడిట్ కార్డు: స్కోరు ఎలా పుడుతుంది, ఎక్కడ దెబ్బ తింటుంది

ఎఫ్‌డీ చేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నవాళ్లలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. ఒక నెల బిల్లు కట్టడం మరిచిపోయినా, బ్యాంకు దగ్గర మన డబ్బే ఉంది కదా, అందులోంచి తీసుకుంటుందిలే అని. ఇందులో సగమే నిజం. బ్యాంకు తీసుకుంటుంది, కానీ గడువు దాటిన మర్నాడే తీసుకోదు. కొన్ని వారాలు ఆగుతుంది, నోటీసు పంపుతుంది, ఆ తర్వాత డిపాజిట్ మీద చెయ్యి వేస్తుంది. ఈ లోపు బిల్లు ఎన్ని రోజులు ఆలస్యమైందో క్రెడిట్ బ్యూరోకు, అంటే మన అప్పుల చరిత్ర రాసుకుని స్కోరు ఇచ్చే సంస్థకు, వెళ్లిపోతుంది. బ్యాంకుకు రావలసిన డబ్బు పైసాతో సహా వచ్చేస్తుంది. ఏ రికార్డు కోసం కార్డు తీసుకున్నారో ఆ రికార్డు మాత్రం పాడవుతుంది.

కాబట్టి ఈ కార్డు విషయంలో ముందుగా మనసులో పెట్టుకోవలసింది ఇది. డిపాజిట్ వల్ల కార్డు దొరుకుతుంది, అంతవరకే. స్కోరు లెక్కలో ఆ డిపాజిట్‌కు చోటు లేదు. ఎఫ్‌డీ ముప్పై వేలా, మూడు లక్షలా అన్నది బ్యూరో చూడదు. కార్డు లిమిట్ ఎంత, అందులో ఎంత వాడారు, గడువులోగా కట్టారా లేదా అన్నవే అక్కడికి చేరతాయి.

ఒక ఉదాహరణతో చూద్దాం. కదిరి నుంచి వచ్చి బెంగళూరు కె.ఆర్.పురంలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుకుంటున్న ఒకామె ఉందనుకుందాం. రాబడి నెలంతా యూపీఐలో, కొంత నగదుగా వస్తుంది. జీతం స్లిప్పు లేదు. ఏడాదిన్నరలో ఒక స్కూటర్, వీలైతే పార్లర్‌కు ఇంకో కుర్చీ, ఏసీ లోన్ మీద తీసుకోవాలని ఉంది. మామూలు క్రెడిట్ కార్డుకు అప్లై చేస్తే కుదరదన్నారు. కారణం, అప్పు చరిత్ర లేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తొలిసారి అప్పు కోసం వచ్చినవాళ్లను, కేవలం క్రెడిట్ చరిత్ర లేదన్న కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో కూడా ఇదే చెప్పింది. అయితే అప్పు ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం బ్యాంకుదే. చరిత్ర లేకపోవడానికి తోడు రాబడికి కాగితం కూడా లేకపోతే, కాదనడానికి బ్యాంకుకు ఆ రెండో కారణం చాలు. పార్లర్లు, టిఫిన్ బండ్లు, క్యాబ్‌లు నడుపుకునేవాళ్లకు ఎఫ్‌డీ కార్డు పనికొచ్చేది అందుకే. ఇక్కడ రాబడి గురించి పెద్దగా అడగరు. డిపాజిటే జవాబు చెబుతుంది.

మళ్లీ ఇంకో బ్యాంకులో మామూలు కార్డుకు అప్లై చేసే ముందు ఆమె చెయ్యవలసిన పని ఒకటుంది. తన రిపోర్టు తెప్పించుకోవడం. మన దేశంలో నాలుగు బ్యూరోలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. "నాకు చరిత్రే లేదు" అనుకునేవాళ్లలో కొందరికి నిజానికి ఉంటుంది. ఊళ్లో ఉన్నప్పుడు బంగారం కుదువపెట్టి తీసుకున్న లోన్, మైక్రోఫైనాన్స్ గ్రూపులో తీసుకున్న అప్పు, అన్నకో బావకో హామీ సంతకం చేసిన బండి లోన్, ఇవన్నీ రిపోర్టులో ఉండొచ్చు. అందులో ఏదైనా మొండి బాకీగా మిగిలి ఉంటే, ఎఫ్‌డీ కార్డు ఎంత బాగా వాడినా పైన ఆ మచ్చ కనిపిస్తూనే ఉంటుంది. ముందు దాన్ని తేల్చుకోవాలి. ఏమీ లేకపోతే స్కోరు ఉండాల్సిన చోట NH అనో -1 అనో వస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు. చరిత్ర లేదని అర్థం, అంతే.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది, పేరు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా, పాత బ్యాంకు ఖాతాలో పెళ్లికి ముందు ఇంటిపేరుతో, ఇలా మూడు రకాలుగా ఉంటాయి. బ్యూరోలు పాన్, పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు కలిపి మనిషిని గుర్తుపడతాయి. ఇవి పొసగకపోతే ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారు కావచ్చు, లేదా వేరొకరి అప్పు మన ఫైల్లోకి రావచ్చు. ఎఫ్‌డీ చేసేలోపే పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లో పేరు ఒకేలా ఉండేట్టు చూసుకుంటే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

అసలు ఏర్పాటు ఎలా ఉంటుందంటే, బ్యాంకులో ఎఫ్‌డీ చేస్తారు, దాని మీద బ్యాంకు లియన్ వేస్తుంది. అంటే డిపాజిట్ మన పేరు మీదే ఉంటుంది, వడ్డీ మామూలుగా వస్తుంది, కానీ కార్డు ఉన్నంతకాలం దాన్ని విరగ్గొట్టలేరు. ఆ డిపాజిట్ విలువలో ఇంత శాతం అని కార్డు లిమిట్ ఇస్తారు. ఎనభై, తొంభై శాతం మామూలు. కొన్ని బ్యాంకులు నూరు శాతం దాకా ఇస్తాయి. పన్ను మినహాయింపు కోసం చేసే ఐదేళ్ల ఎఫ్‌డీ దీనికి పనికిరాదు, దాన్ని తాకట్టు పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇంకొకటి, ఎఫ్‌డీ గడువు తీరగానే దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవాలి. అలా పెట్టకపోతే ఏడాది తిరిగేసరికి డిపాజిట్‌తో పాటు కార్డుకూ ముగింపు రావచ్చు.

ఎంత మొత్తానికి ఎఫ్‌డీ చెయ్యాలన్నదే అందరూ తేలిగ్గా తీసుకునే ప్రశ్న. కార్డు దొరికితే చాలని బ్యాంకు అడిగిన కనీస మొత్తమే పెడతారు. కానీ లిమిట్ చిన్నదైతే మామూలు ఖర్చు కూడా అందులో పెద్ద భాగంగా కనిపిస్తుంది. మన ఉదాహరణలో ఆమె 30,000 డిపాజిట్ చేసింది, తొంభై శాతం లెక్కన 27,000 లిమిట్ వచ్చింది. పార్లర్‌కు కావలసిన క్రీములు, హెయిర్ కలర్, వ్యాక్స్ చిక్‌పేట హోల్‌సేల్ షాపుల్లో తెస్తుంది. నెలకు ఎనిమిది వేలు అవుతుంది. అంతవరకే కార్డు మీద పెడితే వాడకం లిమిట్‌లో ముప్పై శాతానికి కాస్త అటూ ఇటూ. పండగ సీజన్లో, పెళ్లిళ్ల ముందు సరుకు ఎక్కువ తెచ్చి 18,000 పెడితే 67 శాతం. మనిషి అదే, కట్టే శక్తి అదే. రికార్డులో మాత్రం "ఇచ్చిన అప్పులో మూడింట రెండొంతులు వాడేసింది" అని కనిపిస్తుంది.

వాడకం ముప్పై శాతం దాటకూడదని తరచూ చెబుతుంటారు, కానీ అలాంటి చట్టం ఎక్కడా లేదు. బ్యూరోలు తమ లెక్క సూత్రాన్ని బయటపెట్టవు. ముప్పై అన్నది ఈ రంగంలో అందరూ పాటించే ఒక అంచనా. అయినా దిశ సరైనదే. లిమిట్‌కు దగ్గరగా వాడేవాళ్లను అప్పు ఇచ్చేవాళ్లు అనుమానంగా చూస్తారు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎఫ్‌డీ పెంచడం. 50,000 పెడితే లిమిట్ 45,000 అవుతుంది, అదే 18,000 ఖర్చు నలభై శాతానికి దిగుతుంది. రెండోది అదనంగా డబ్బు అక్కర్లేని దారి, బిల్లు తయారయ్యే లోపే కొంత కట్టేయడం. బ్యాంకులు 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలి. అంతకుముందు నెలకోసారి పంపేవి. కాబట్టి పెద్ద సరుకు కొన్న నెలలో గడువు తేదీ దాకా ఆగకుండా, చేతిలోకి యూపీఐ డబ్బు రాగానే పది వేలు కార్డుకు కట్టేస్తే, బ్యూరోకు వెళ్లే బాకీ ఎనిమిది వేలే అవుతుంది.

ఎఫ్‌డీ పెంచే దారికి ఒక హద్దుంది, దాన్ని గట్టిగానే చెప్పాలి. కష్టకాలానికి దాచుకున్న డబ్బు మొత్తాన్ని ఈ ఎఫ్‌డీలో పెట్టకూడదు. బెంగళూరులో ఇల్లు మారితే అడ్వాన్సుగానే కొన్ని నెలల అద్దె అడుగుతారు. లియన్ ఉన్న ఎఫ్‌డీని అప్పుడు విరగ్గొట్టలేరు, దాని మీద ఇంకో లోన్ కూడా తీసుకోలేరు, ఎందుకంటే అది ఇప్పటికే కార్డుకు తాకట్టులో ఉంది. అప్పుడు ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీయడం తప్ప దారి కనిపించదు. కార్డు మీద తీసిన నగదుకు ఫీజు ఉంటుంది, పైగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బ్యాంకులో తన డబ్బు ఏడాదికి ఆరున్నర శాతానికి పడి ఉంటే, అదే బ్యాంకుకు నలభై శాతం పైన వడ్డీ కట్టాల్సిన స్థితి వస్తుంది. రెండు మూడు నెలల ఇంటి ఖర్చు, షాపు అద్దె వేరే ఖాతాలో ఉంచుకోగా మిగిలినదాంట్లోంచే ఈ డిపాజిట్ చెయ్యాలి.

వాడకం సంగతి. రూపే కార్డు అయితే యూపీఐ యాప్‌కు కలుపుకుని క్యూఆర్ స్కాన్ చేసి కట్టొచ్చు. చిక్‌పేటలో కార్డు మిషన్ లేని చిన్న హోల్‌సేల్ షాపులకు ఇది బాగా కలిసొస్తుంది. అయితే ఆ క్యూఆర్ వ్యాపారి పేరు మీద ఉండాలి. మనిషి సొంత ఖాతా క్యూఆర్‌కు, ఫోన్ నంబరుకు క్రెడిట్ కార్డు నుంచి డబ్బు వెళ్లదు. తన పార్లర్ క్యూఆర్‌నే తన కార్డుతో స్కాన్ చేసి నగదు చేసుకోవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. బ్యాంకులు దాన్ని పట్టుకుంటాయి, కార్డు ఆపేస్తాయి. అక్కడితో కట్టుకుంటూ వచ్చిందంతా వృథా.

ఇక కట్టడం. కార్డు యాప్‌లో ఆటోపే పెట్టేటప్పుడు "మొత్తం బాకీ", "మినిమం డ్యూ" అని రెండు ఎంపికలు ఉంటాయి. మినిమం డ్యూ ఎంచుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. దాని ధర ఎంతో ఒకసారి లెక్క వేసి చూడాలి.

ఆమె బిల్లు ప్రతి నెలా 5న తయారవుతుంది, గడువు 25. జనవరి 10న 18,000 సరుకు కొంది. ఫిబ్రవరి 5న బిల్లు వచ్చింది. ఫిబ్రవరి 25న మినిమం డ్యూ, అంటే ఐదు శాతం, 900 కట్టింది. వడ్డీ నెలకు మూడున్నర శాతం, ఏడాదికి 42 శాతం అనుకుందాం. పూర్తిగా కట్టి ఉంటే వడ్డీ సున్నా. కట్టలేదు కాబట్టి వడ్డీ గడువు తేదీ నుంచి కాక, కొన్న రోజు నుంచి లెక్కకడతారు. 18,000 మీద జనవరి 10 నుంచి ఫిబ్రవరి 25 దాకా 46 రోజులకు సుమారు 953 రూపాయలు. మిగిలిన 17,100 మీద మార్చి 5 బిల్లు దాకా 8 రోజులకు సుమారు 157. మొత్తం 1,110. దాని మీద 18 శాతం జీఎస్టీ 200. వెరసి 1,310 రూపాయలు.

30,000 ఎఫ్‌డీ మీద ఆరున్నర శాతం లెక్కన ఏడాదంతా వచ్చే వడ్డీ 1,950. అంటే ఒక్క బిల్లు సగంలో వదిలేసినందుకే ఏడాది వడ్డీలో మూడింట రెండొంతులు పోయింది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని రోజులు కూడా ఉండవు. ఇన్ని నష్టాల మధ్య ఒక్కటి మాత్రం నిలబడింది: మినిమం అయినా గడువులో కట్టింది కాబట్టి రికార్డులో ఆలస్యం పడలేదు. చేతిలో డబ్బు లేని నెలలో, ఎఫ్‌డీ ఉందిలే అని ఊరుకోవడం కంటే ఆ 900 కట్టడం ఎన్నో రెట్లు మేలు.

ఆ 900 కూడా కట్టకపోతే ఏమవుతుంది? గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వెయ్యాలని, బాకీ పడినట్టు బ్యూరోకు చెప్పాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. కాబట్టి ఫిబ్రవరి 25 గడువు అయితే 28 లోపు కట్టినా రికార్డు బాగానే ఉంటుంది. నెట్‌వర్క్ పనిచేయని రోజుకో, మరుపుకో ఈ మూడు రోజులు ఆసరా. అయితే ఆలస్యాన్ని నాలుగో రోజు నుంచి కాక, బిల్లులో ఉన్న గడువు తేదీ నుంచే లెక్కిస్తారు. మార్చి 15 నాటికీ కట్టకపోతే బ్యూరోకు వెళ్లే వివరాల్లో 18 రోజుల ఆలస్యం ఉంటుంది.

ఇంకా కట్టకపోతే బ్యాంకు కార్డును ఆపేస్తుంది. ఎన్నాళ్లకు ఎఫ్‌డీ మీదికి వస్తుందన్నది ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉంటుంది. కార్డు షరతుల్లో రాసి ఉంటుంది, సంతకం చేసే ముందు చదవవలసిన వాక్యం అదే. ఆ రోజు రాగానే ఎఫ్‌డీని గడువుకు ముందే మూసి, వడ్డీ రేటులో కొంత కోసుకుని, బాకీ పట్టుకుని, మిగిలింది సేవింగ్స్ ఖాతాలో వేస్తారు. సిబిల్ రిపోర్టులో నెలల వారీ కట్టిన చరిత్ర 36 నెలల దాకా కనిపిస్తుంది. ఆమె స్కూటర్ లోన్‌కు వెళ్లేసరికి, ప్రతి నెలా 000, అంటే ఆలస్యం సున్నా అని, ఉండాల్సిన గడుల్లో రెండు చోట్ల ఆలస్యం రోజులు కనిపిస్తాయి. ఆ బాకీ ఎఫ్‌డీతో పూర్తిగా తీరిపోయిందన్న మాట వాటిని చెరపదు. ఎన్నో ఏళ్ల చరిత్ర ఉన్నవాళ్ల ఫైల్లో రెండు ఆలస్యాలు మిగతా నెలల్లో కలిసిపోవచ్చు. ఒకే కార్డు, పన్నెండు నెలల చరిత్ర ఉన్న ఫైల్లో అవే ముందు కంట పడతాయి.

ఇలా పాడయ్యే కార్డులన్నీ డబ్బు లేక పాడవుతాయని అనుకోకూడదు. కొందరు కార్డు తెచ్చి బీరువాలో పెట్టేస్తారు. వాడటం లేదు కాబట్టి బిల్లు చూడరు. ఏడాదికి వార్షిక రుసుము పడుతుంది, జీఎస్టీతో కలిపి కొన్ని వందలు. ఇల్లు కె.ఆర్.పురం నుంచి మారతహళ్లికి మారింది, ఫోన్ నంబరు కూడా మార్చారు, బ్యాంకుకు చెప్పలేదు. ఆ కొన్ని వందల మీద ఆలస్య రుసుము, దాని మీద వడ్డీ చేరతాయి. రిపోర్టులో మాత్రం ఎన్ని వందలన్నది ఎవరూ పట్టించుకోరు, ఎన్ని రోజుల ఆలస్యమన్నదే చూస్తారు. నెలకు ఒక కరెంటు బిల్లో ఫోన్ రీచార్జో ఆ కార్డు మీద పెట్టి, మొత్తం బాకీకి ఆటోపే పెట్టి, ఆటోపే ఉన్న ఖాతాలో గడువుకు రెండు రోజుల ముందు డబ్బుందో లేదో చూసుకుంటే ఈ ప్రమాదం ఉండదు.

అన్నీ సవ్యంగా జరిగితే మామూలుగా ఆరు నెలల చరిత్ర పోగయ్యాక స్కోరు కనిపిస్తుంది. 300 నుంచి 900 మధ్య ఉండే అంకె అది. అప్పుడొకసారి రిపోర్టు తెరిచి మూడు చూసుకోవాలి. కార్డు అసలు అందులో ఉందా, లిమిట్ 27,000 అనే పడిందా, నెలల గడుల్లో 000 ఉన్నాయా. కార్డు రకం "సెక్యూర్డ్ క్రెడిట్ కార్డ్" అని ఉండొచ్చు, ఉత్త "క్రెడిట్ కార్డ్" అనీ ఉండొచ్చు. దానికి కంగారుపడక్కర్లేదు. లిమిట్ తప్పుగా, తక్కువగా పడితే మాత్రం వాడకం శాతం తప్పుగా పెరుగుతుంది. దాన్ని సరిచేయించాలి. ఈ ఆరు నెలల్లో ఇంకో నాలుగు కార్డులకు, యాప్ లోన్లకు అప్లై చెయ్యకుండా ఉండటం కూడా పనిలో భాగమే. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. చరిత్ర తక్కువ ఉన్న ఫైల్లో వరుస దరఖాస్తులు అప్పు కోసం తిరుగుతున్న మనిషిని చూపిస్తాయి.

స్కోరు వచ్చింది కదా అని వెంటనే ఎఫ్‌డీ విడిపించుకోవాలన్న తొందర సహజం. ఆ డబ్బుతో అవసరం గట్టిగా లేకపోతే ఆగడమే మంచిది. ఏడాది, ఏడాదిన్నర నడిచాక అదే బ్యాంకును తాకట్టు లేని కార్డు ఇవ్వమని అడగాలి. కొన్ని బ్యాంకులు పాత ఖాతానే మారుస్తాయి, కొన్ని కొత్త కార్డు ఇస్తాయి. కొత్తది వస్తే దాని మీద కొన్ని నెలలు నడిచేదాకా పాతదాన్ని మూయకపోవడం నయం. స్కూటర్ లోన్ దరఖాస్తుకు ముందు నెలలో అయితే అసలు మూయకూడదు. ఉన్న ఒక్క పాత ఖాతా ఆ సమయంలో మూతపడితే చరిత్రా, లిమిటూ రెండూ ఒకేసారి తగ్గుతాయి.

మూసే రోజు వచ్చినప్పుడు ముందు బాకీ సున్నా చెయ్యాలి, ఆటోపేలో ఉన్న ఓటీటీ, ఫోన్ బిల్లుల్ని వేరే కార్డుకు మార్చాలి, ఆ తర్వాత రాతపూర్వకంగానో యాప్‌లోనో మూయమని అడగాలి. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పని దినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకు కార్డుదారుకే చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. కార్డు మూయడం, ఎఫ్‌డీ మీద లియన్ తీయడం బ్యాంకులో రెండు వేర్వేరు పనులు, తరచుగా రెండు వేర్వేరు విభాగాలు. కార్డు మూసినట్టు మెసేజ్ వచ్చినా ఎఫ్‌డీ తాళం అలాగే ఉండిపోవచ్చు. యాప్‌లో డిపాజిట్ వివరాల్లో లియన్ మొత్తం సున్నా అయిందో లేదో చూసి, కాకపోతే బ్రాంచికి వెళ్లి అడగాలి. నెల తర్వాత బ్యూరో రిపోర్టులో ఆ కార్డు మూసినట్టు, బాకీ సున్నా అని పడిందో లేదో చూసుకోవాలి. పడకపోతే బ్యూరో సైట్లో ఫిర్యాదు పెట్టొచ్చు. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే, ఆపైన ప్రతి రోజుకు వంద రూపాయల పరిహారం అడిగే హక్కు 2024 ఏప్రిల్ నుంచి ఉంది.